కత్తెర కంటే ముందు స్కేలు

పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఈమధ్య ఒక బుల్లి కెమెరా చేతులు మారుతూ కనిపిస్తోంది. బటన్ నొక్కగానే దాని తలమీంచి తెల్ల అంచుల కార్డు ఒకటి బయటికొస్తుంది. కాసేపటికి అందులో బొమ్మ తేలుతుంది. ఫ్యూజీఫిల్మ్ కంపెనీ 1998లో మొదలుపెట్టిన ఇన్‌స్టాక్స్ మినీ రకం ఫొటో అది. కార్డు వెడల్పు 54 మిల్లీమీటర్లు, ఎత్తు 86. అంటే మన పీవీసీ ఆధార్ కార్డు సైజే. అందులో అసలు బొమ్మ ఉండేది 46 మి.మీ. వెడల్పు, 62 మి.మీ. ఎత్తు మేర మాత్రమే. మిగతాదంతా తెల్ల అంచు.

చేత్తో పట్టుకుని చూసేటప్పుడు ఆ అంచు ముచ్చటగానే ఉంటుంది. ఫొటోని స్కాన్ చేసి పెద్ద సైజులో ప్రింటు తీయించాలన్నా, మామూలు ఫొటోల పక్కన ఆల్బమ్‌లో పెట్టాలన్నా అడ్డం వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని, క్రాప్ పెట్టె గీసి కంటికి సరిపోయిందనిపించిన చోట కోసేయడం. ఫోన్ తెరమీద అది బాగానే కనబడుతుంది. ప్రింటు తీస్తే ఒక పక్కన సన్నటి తెల్ల గీత మిగిలిపోయి ఉంటుంది, లేదా అంచున నిలబడ్డ మనిషి భుజం కొంచెం ఎగిరిపోయి ఉంటుంది.

కన్ను ఎందుకు మోసపోతుందో చిన్న లెక్కలో తెలుస్తుంది. స్కానర్‌ను 600 డీపీఐకి పెడితే అంగుళానికి 600 చుక్కలు నమోదవుతాయి. అంగుళమంటే 25.4 మి.మీ. కాబట్టి ఒక్కో మిల్లీమీటరుకు 23.6 పిక్సెళ్లు. మొత్తం ఫొటోని తెరమీద చూస్తూ అరమిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టుకోలేరు. అదే అరమిల్లీమీటరు ఫైల్లో పన్నెండు పిక్సెళ్లు. బొమ్మని నాలుగింతలు పెంచి ప్రింటు తీస్తే ఆ తెల్ల గీత రెండు మిల్లీమీటర్ల మందాన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అందుకే ముందు కొలవాలి. కొలత కుదరాలంటే స్కానింగ్‌లోనే కొన్ని జాగ్రత్తలు కావాలి. స్కానర్ మూత లోపలి వైపు తెల్లగా ఉంటుంది. తెల్ల కార్డు తెల్ల మూతలో కలిసిపోతుంది కాబట్టి ఫొటో వెనక నల్ల చార్టు ముక్క పెట్టండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో క్రాప్, షార్పెనింగ్ రెండూ ఆపేయండి. షార్పెనింగ్ అంచు దగ్గర లేని వెలుగు గీతనీ లేని నల్ల గీతనీ పుట్టిస్తుంది. మనం కొలవబోయేది సరిగ్గా ఆ చోటునే. స్కాన్‌ను టిఫ్ ఫైలుగా దాచుకోండి.

ఇక అంచు ఎక్కడుందో పట్టుకోవడం. జీఐఎంపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫొటో తెరిచి, ఎడమ అంచు దగ్గరికి వెళ్లి ఎనిమిదింతలు జూమ్ చేస్తే, తెలుపు ఒక్కసారిగా బొమ్మగా మారదని కనిపిస్తుంది. మధ్యలో నాలుగైదు పిక్సెళ్ల మేర బూడిద రంగు మెట్లుంటాయి. బొమ్మ పారదర్శకమైన పొర కింద ఉంటుంది, స్కానర్ దీపం ఒక వైపు నుంచి పడుతుంది, అందుకే ఈ మసక. అడ్డంగా ఒక వరుసలో వెలుగు విలువలు చూస్తే ఇలా ఉంటాయనుకుందాం: 238, 236, 221, 168, 97, 66, 61. తెలుపు దాదాపు 238, బొమ్మ దాదాపు 60. రెండింటి మధ్య విలువ 149. విలువలు ఆ 149ని దాటేది 168కీ 97కీ మధ్య. అంచు అక్కడ. తెలుపు పూర్తిగా పోయిన చోటునో, మసక మొదలైన చోటునో అంచు అనుకుంటే ఒక్కోసారి ఒక్కో జవాబొస్తుంది. సగం దగ్గర తీసుకుంటే ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది.

ఒక చోట కొలిచి ఊరుకుంటే చాలదు. ఎడమ అంచునే మూడు ఎత్తుల్లో కొలవాలి. ఒక ఫొటోలో పైనుంచి 400వ వరుసలో అంచు 152వ పిక్సెల్ దగ్గర దొరికింది. 1000వ వరుసలో 158 దగ్గర, 1600వ వరుసలో 164 దగ్గర. కిందికి వచ్చేకొద్దీ అంచు కుడివైపు జరుగుతోందంటే ఫొటో గాజుమీద వంకరగా పడుకుంది. 1200 వరుసలకు 12 పిక్సెళ్ల జరుగుడు, అంటే నూటికి ఒకటి. కోణంలో చెప్పాలంటే 0.57 డిగ్రీలు. మధ్య కొలత ఎందుకంటే తనిఖీకి. అది మిగతా రెంటికీ సరిగ్గా నడుమ పడితే మూడూ ఒకే సరళరేఖ మీద ఉన్నట్టు. పడకపోతే ఎక్కడో బొమ్మలోని లేత రంగునే అంచనుకుని కొలిచినట్టు.

అరడిగ్రీ వంకర ఎంతలే అనిపించవచ్చు. 62 మి.మీ. ఎత్తున్న బొమ్మలో అది పైనుంచి కిందికి 0.6 మి.మీ. తేడా, అంటే సుమారు 15 పిక్సెళ్లు. వంకర తీయకుండా ఎంత జాగ్రత్తగా కోసినా పై మూలలో తెల్ల చీలిక మిగులుతుంది, లేదంటే దాన్ని వదిలించుకోవడానికి బొమ్మలోంచి 15 పిక్సెళ్లు బలివ్వాలి. అందుకే వంకర తీశాకే కోత.

ఇక్కడ చాలామంది కార్డు బయటి అంచును ఆధారంగా తీసుకుంటారు. ఎల్ ఆకారంలో అట్టముక్క అతికించి ఫొటోని దానికి ఆనించి స్కాన్ చేస్తే కార్డు నిటారుగానే వస్తుంది. కానీ కార్డులో బొమ్మ కిటికీ కార్డు అంచుకు సరిగ్గా సమాంతరంగా ఉండి తీరాలని ఏమీ లేదు. వెడల్పైన అంచులో రసాయనాల సంచి ఉంటుంది. కెమెరాలోని రోలర్లు దాన్ని నలిపి ఆ ముద్దను బొమ్మంతటా పరుస్తాయి, మిగిలిపోయింది ఎదుటి అంచులో చేరుతుంది. పైన కనిపించే తెలుపు ఈ సరంజామానంతా దాచే ముసుగు. అందులో కత్తిరించిన కిటికీయే మనకు కావలసిన చట్రం కాబట్టి కొలతలన్నీ దానికే.

ఎడమ అంచు కుడివైపు వాలుతోందంటే ఫొటో అపసవ్య దిశలో తిరిగి ఉంది. దాన్ని సవ్య దిశలో 0.57 డిగ్రీలు తిప్పాలి. జీఐఎంపీలో కొలబద్ద పరికరంతో అంచు వెంట గీత గీస్తే కోణం అదే చెబుతుంది, తిప్పడానికి బటన్ కూడా ఉంది. కమాండ్లు అలవాటున్నవాళ్లు ఇమేజ్‌మ్యాజిక్‌తో ఇలా చేయవచ్చు:

```
magick scan.tif -rotate 0.57 +repage straight.tif
```

తిప్పాక కాన్వాస్ కొంచెం పెరుగుతుంది, పాత అంకెలు చెల్లవు. కొత్త ఫైల్లో నాలుగు అంచులనూ మళ్లీ అదే పద్ధతిలో కొలవాలి. మన ఫొటోలో ఎడమ 170, కుడి 1256, పైన 232, కింద 1694 వచ్చాయి. అంటే బొమ్మ వెడల్పు 1086, ఎత్తు 1462 పిక్సెళ్లు.

కంపెనీ చెప్పే 46, 62 మిల్లీమీటర్లు అక్కరకొచ్చేది ఇప్పుడే. 46ని 23.622తో గుణిస్తే 1087. మన కొలతకు ఒక్క పిక్సెల్ తేడా, భేష్. 62ని గుణిస్తే 1465. మన కొలత మూడు తక్కువ. ఇది పెద్ద తేడా కాదు. అడ్డంగా చుక్కల దూరాన్ని స్కానర్ సెన్సర్ నిర్ణయిస్తుంది, నిలువుగా దాన్ని లాక్కెళ్లే మోటార్ నిర్ణయిస్తుంది. రెండూ వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఉంటాయని ఆశించలేం. స్టీలు స్కేలునొకదాన్ని గాజుమీద నిలువుగా పెట్టి స్కాన్ చేసి చూస్తే మీ యంత్రం ఎంత దొంగలిస్తోందో తేలిపోతుంది. తేడా మూడు కాకుండా ముప్పై వస్తే మాత్రం ఏదో అంచును తప్పుగా పట్టుకున్నారన్నమాట. లెక్కకొచ్చిన అంకెతో కోయకూడదు, కొలిచిన అంకెతో కోయాలి. లెక్క తనిఖీకి మాత్రమే.

మసక మెట్లు బొమ్మలోకి కొంచెం చొరబడతాయి కాబట్టి ప్రతి వైపూ మూడు పిక్సెళ్లు లోపలికి జరిగితే తెలుపు జాడ ఉండదు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు పోతుంది, పోనివ్వండి. వెడల్పు 1080, ఎత్తు 1456, మొదలయ్యే చోటు అడ్డంగా 173, నిలువుగా 235:

```
magick straight.tif -crop 1080x1456+173+235 +repage photo.tif
```

ఇదంతా ఎందుకు, అంచును తనే కనిపెట్టి కోసేసే సదుపాయాలున్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. తెల్లగా ఉన్న వరుసలన్నిటినీ తీసేయడం వాటి పద్ధతి. ముదురు రంగు గోడ ముందు తీసిన ఫొటోకి అవి చక్కగా పనిచేస్తాయి. కానీ ఈ కెమెరాల ఫ్లాష్ దగ్గరివాళ్ల మీద గట్టిగా పడుతుంది, ఎండలో తీస్తే ఆకాశం తెల్లబోతుంది. పై భాగమంతా వెలిసిన ఆకాశమే అయితే ఆ ప్రోగ్రామ్‌కి అంచేదో ఆకాశమేదో తెలియదు. ఆకాశాన్ని కూడా కోసి, చెట్టు కొమ్మ కనిపించిన చోట ఆగుతుంది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఫొటో అంచున ఉంటే ఆమె కొంగుకీ అదే గతి.

అలాంటి ఫొటోలో మొదట చేయాల్సింది, నకలు ఒకటి తీసుకుని దాని మీద లెవెల్స్‌లో నలుపు బిందువును 200 దాకా జరపడం. అంచు తెలుపూ, బొమ్మలోని వెలుగు తెలుపూ కంటికి ఒకటే అనిపించినా సాధారణంగా ఒకటి కావు. బొమ్మలోనిది కొంచెం వెన్నరంగు వైపు ఉంటుంది. నలుపును అంత పైకి జరిపితే ఆ చిన్న తేడా పెద్దదై గీత బయటపడుతుంది. దాన్ని చూసి కొలిచి, కోత మాత్రం అసలు ఫైలు మీద పెట్టాలి.

అప్పటికీ గీత తేలకపోతే పై అంచు మనకు దొరకనట్టే. మిగతా మూడు దొరుకుతాయి కదా. వాటిలో కింది అంచు 1694 దగ్గర ఉందనుకుందాం. అదే స్కానర్‌లో, అదే 600 డీపీఐతో స్కాన్ చేసిన ముదురు ఫొటోలో కిటికీ ఎత్తు 1462 అని ఇంతకుముందే కొలిచి ఉన్నాం. 1694 లోంచి 1462 తీసేస్తే 232. కంటికి కనిపించని అంచు అక్కడుంది. ఇక్కడ 1465 వాడకూడదు, అది ఫిల్మ్ కొలత, మీ స్కానర్ కొలత కాదు. ఒకటి రెండు పిక్సెళ్ల తేడా వచ్చినా మనం విడిచిన మూడు పిక్సెళ్లలో అది ఇమిడిపోతుంది. ఇన్‌స్టాక్స్ స్క్వేర్ అయితే కిటికీ 62 చదరం, వైడ్ అయితే 99 అడ్డం, 62 నిలువు. ఏ రకానికి ఆ రకంలోంచి ముదురు ఫొటో ఒకదాన్ని ముందుగా కొలిచి పెట్టుకోవాలి.

కోసిన ఫైలును నల్ల నేపథ్యం మీద పెట్టి నాలుగు మూలలూ జూమ్ చేసి చూడండి. ఎదురెదురు మూలల్లో మాత్రమే తెలుపు కనిపిస్తే కోణం పూర్తిగా సరిపోలేదు, ఒక పక్క పొడవునా కనిపిస్తే ఆ పక్క కొలత తప్పింది. కోయని స్కాన్‌ను మాత్రం చెరిపేయకండి. కింది వెడల్పాటి అంచులో ఎవరో బాల్‌పెన్నుతో రాసిన తేదీ, పేర్లు దాంట్లోనే ఉంటాయి.