కల్యాణం సరుకుల చీటీలో మూడో గడి

భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం తరఫున వస్తాయి. గోటితో ఒలిచిన తలంబ్రాల బియ్యం తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ నుంచి భక్తులు మోసుకొస్తారు. అక్కడ ఏ వస్తువు ఎవరు తేవాలో ఆనవాయితీగా స్థిరపడిపోయింది. ఊళ్లో రామాలయం దగ్గర అలా ఉండదు. నవమికి పది రోజుల ముందు అర్చకులు చెబుతుంటే ఒకరు చీటీ రాస్తారు. వస్తువు ఒక గడిలో, కొలత రెండో గడిలో పడతాయి. ‘ఎవరు తెస్తారు’ అనే మూడో గడి చాలా చోట్ల ఉండదు. అది లేకనే పసుపు కుంకుమలు మూడిళ్ల నుంచి వస్తాయి, అడ్డుతెరకు గుడ్డ మాత్రం ముహూర్తం వేళ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఒక మామూలు ఊరి లెక్క చూద్దాం. పీటల మీద 20 జంటలు కూర్చుంటాయి. పానకం, వడపప్పు తీసుకోవడానికి 500 మంది వస్తారు. కొలతలన్నీ ఈ రెండు అంకెల నుంచే పుడతాయి. అందుకే జంటల పేర్లు వారం ముందే ఖాయం చేసుకుని, ఆ తర్వాతే బజారుకు వెళ్లాలి.

ముందు తలంబ్రాల సంగతి. దేవుడికి 5 కిలోలు, జనానికి పంచడానికి మరో 5 కిలోలు, మొత్తం 10 కిలోల బియ్యం చాలు. నూకలు లేని బియ్యం కావాలి కాబట్టి కొన్నాక ఆడవాళ్లు నలుగురు కూర్చుని చెరిగి ఏరాలి. 10 కిలోలకు 150 గ్రాముల పసుపు, అంతే నెయ్యి పడతాయి. చాలామంది నెయ్యికి బదులు నీళ్లు చల్లి కలుపుతారు. ఆ బియ్యం సరిగా ఆరకముందే పొట్లాలు కడితే రెండు రోజుల్లో ముక్కవాసన వస్తుంది. నెయ్యితో కలిపితే పసుపు గింజను పట్టుకుంటుంది, తడి ఉండదు. చాలా ఊళ్లలో ఒక కుటుంబం అమ్మవారి తరఫున, ఒక కుటుంబం స్వామి తరఫున నిలబడతాయి. తలంబ్రాలు, పుస్తెలు, చీర అమ్మవారి వైపు వాళ్లు తెస్తే, పంచెల చాపు, జంధ్యం స్వామి వైపు వాళ్లు తెస్తారు. ఈ పద్ధతి ఉన్న ఊళ్లో మూడో గడి సగం దానంతటదే నిండినట్టే.

పానకానికి మనిషికి గ్లాసు అనుకుని లెక్క వేస్తే తప్పుతాం. చైత్రమాసం ఎండలో రెండోసారి అడగని వాళ్లు తక్కువ. 500 మందికి 100 లీటర్లు చేసుకోవాలి. 90 లీటర్ల నీళ్లకు 18 కిలోల బెల్లం, 200 గ్రాముల మిరియాలు, 100 గ్రాముల ఏలకులు, 100 గ్రాముల శొంఠి వేస్తే ఆ కొలతకు వస్తుంది. బెల్లంలో ఇసుక, పిప్పి ఉంటాయి కాబట్టి ముందు కొద్ది నీళ్లలో కరిగించి, పలచని గుడ్డలో వడగట్టి, ఆ పాకాన్ని గంగాళంలో పోయాలి.

వడపప్పుకు 10 కిలోల పెసరపప్పు నానబెడితే 20 కిలోలకు పైనే అవుతుంది. మనిషికి 40 గ్రాముల లెక్కన సరిపోతుంది. పప్పంతా తెల్లవారుజామునే నానబోస్తే కల్యాణం అయ్యేసరికి జిగురు పట్టి పులుపు వాసన కొడుతుంది. సగం పప్పు పదింటికి, మిగతా సగం పదకొండున్నరకు నానబోస్తే పంచే వేళకు తాజాగా ఉంటుంది. కొబ్బరి తురుము, మామిడికాయ ముక్కలు, ఉప్పు పంచే ముందే కలపాలి. ఈ రెండు ప్రసాదాల బాధ్యతా ఒకే ఇంటికి అప్పగించి, సరుకు కొనడం దగ్గర్నుంచి పంచడం దాకా వాళ్లకే వదిలేయడం మంచిది. కొనేవాళ్లు ఒకరు, కలిపేవాళ్లు ఇంకొకరు అయితే మిరియాలు దంచాయా లేదా అని అడిగేవాళ్లుండరు.

కొబ్బరికాయల దగ్గర గందరగోళం ఎక్కువ. కమిటీ వంద కొంటుంది, జంటలు తలా రెండు తెస్తాయి, మొక్కు ఉన్నవాళ్లు ఇంకొన్ని తెస్తారు. నిజానికి కలశాలకు 2, స్వామి ముందు కొట్టడానికి 8, వడపప్పులోకి 12, కుళ్లినవి వస్తే మార్చుకోవడానికి 3, మొత్తం 25 కాయలు కమిటీ కొంటే చాలు. అమ్మవారి చేతికి, స్వామి చేతికి పెట్టే కొబ్బరిబోండాలు తోట ఉన్న రైతును అడిగితే కోసి ఇస్తాడు. మామిడాకులు, అరటిబోదెలు కూడా ఆయన పేరు కిందే రాయాలి.

జంటలు ఏం తేవాలన్న దానిలో నా అభిప్రాయం ఒకటే. తమ చేత్తో స్వామికి సమర్పించేది తామే తెచ్చుకోవాలి: కొబ్బరికాయ, పూలు, పళ్లు, శక్తి ఉంటే వస్త్రం. అందరికీ ఒకేలా ఉండాల్సినవి కమిటీ కొనాలి: అక్షతలు, తాంబూలాలు, కంకణాల దారం, జీలకర్ర బెల్లం. తమలపాకులు జంటకు 10 చొప్పున 200, అర్చకుల పూజకు మరో 100, అంటే మూడు కట్టలు. వక్కలు అర కిలో. ఇవి కూడా జంటల మీద వదిలేస్తే ఒకరి పళ్లెంలో ఆకులుండవు, ఇంకొకరి పళ్లెంలో వక్కలుండవు, పక్కవాళ్లను అడుక్కుంటూ సంకల్పం వినకుండానే గడిచిపోతుంది.

దర్భలు, హోమం ఉంటే సమిధలు, పవిత్రాలు అర్చకులే తెచ్చుకుంటారని అందరూ అనుకుంటారు. చాలాసార్లు నిజమే, అయినా వారి నోటితో అనిపించుకుని రాసుకోవాలి.

కిరాణా కొట్టుకు వెళ్లే మనిషి చేతిలో ఉండే చీటీలో రెండు పదాలు ప్రమాదకరం. ఒకటి ‘కర్పూరం’. తీర్థంలో వేసేది పచ్చకర్పూరం, 5 గ్రాములు చాలు. హారతికి వెలిగించే బిళ్లలు వేరు, అవి పావు కిలో కావాలి. హారతి కర్పూరం కడుపులోకి వెళ్తే విషం, పిల్లలకు మరీ ప్రమాదం. చీటీలో ‘కర్పూరం’ అని మాత్రమే ఉంటే కొట్టువాడు హారతి బిళ్లలే ఇస్తాడు, అవి తీర్థం గిన్నె పక్కకు చేరతాయి. రెండోది ‘నూనె’. దీపారాధన నూనె అని సీసాల్లో అమ్మేది వంటకు పనికిరాదు. దీపాలకు వాడేదీ ప్రసాదం వంటలో వాడేదీ వేర్వేరు సంచుల్లో తెప్పించి, వేర్వేరు మనుషులకు అప్పగించాలి.

వాడిపోయే సరుకు ఆఖరి ఉదయమే తేవాలి: మల్లెమూరలు, తులసి, పాలు, పెరుగు. ముందురోజే పూలకొట్టుకు బయానా ఇవ్వకపోతే నవమినాడు చెప్పిన ధరకు కొనాల్సిందే. ఈ పని అప్పగించేటప్పుడు చూసుకోవాల్సిందొకటుంది. ఆ మనిషి పీటల మీద కూర్చునేవాడు కాకూడదు. కంకణం కట్టించుకున్నాక పెరుగు మరిచిపోయానని లేచి వెళ్లడం కుదరదు. సాధారణంగా కమిటీలో చురుకైనవాళ్లే పీటల మీదా కూర్చుంటారు, పనులూ వాళ్ల పేరునే ఉంటాయి. బయటి పనులకు మోటారుసైకిలు ఉన్న కుర్రవాళ్లు ఇద్దరిని విడిగా పెట్టుకోవాలి. అగ్గిపెట్టెలు, వత్తులు, అడ్డుతెర గుడ్డ, రెండు చెంబులు, తుడుచుకునే తువ్వాళ్లు వాళ్ల లెక్కలోకి వేస్తే మరుపు ఉండదు.

అష్టమి సాయంత్రం సరుకంతా గుడి మండపంలో పరిచి, అర్చకులు పూజ క్రమంలో పేర్లు చదువుతుంటే ఒక్కొక్కటీ చేత్తో చూపించాలి. పుణ్యాహవాచనానికి కలశం, బియ్యం కిలోంపావు, రవికెగుడ్డ. కంకణధారణకు దారం, పసుపుకొమ్ములు. జీలకర్ర బెల్లం నూరిన ముద్ద. ఆ రాత్రి కొరత కనిపిస్తే తెచ్చుకోవడానికి ఇంకా కొట్లు తెరిచే ఉంటాయి.

మర్నాడు మిగిలిన సరుకు గురించి కొట్టువాడితో కొనేటప్పుడే మాట అనుకోవాలి. కొట్టని కాయలు, విప్పని పొట్లాలు వెనక్కి తీసుకుంటానంటే కాస్త ధర ఎక్కువైనా ఆ కొట్టులోనే కొనడం లాభం. వెనక్కి ఇచ్చినవి పోగా నిజంగా ఖర్చయిన కొలతను అదే చీటీలో నాలుగో గడిగా రాసి, జమాఖర్చుల పుస్తకంలో అంటించి ఉంచితే, వచ్చే ఏడాది కమిటీ ‘సరిపడా’ అని రాయనక్కర లేదు.