ఖాళీ పలక ఎవరికి? యుగోస్లావియా విచ్ఛిత్తి – ఒప్పందాలు, అప్పుల వారసత్వం

ఉపోద్ఘాతం:

ఒక సమాఖ్య విచ్ఛిన్నమైనప్పుడు దాని భూభాగం, ప్రజలు కొత్త రాజ్యాల కిందికి వస్తారు. అది చేసుకున్న ఒప్పందాలు, తెచ్చిన అప్పులు ఎవరికి సంక్రమిస్తాయన్నది అంతర్జాతీయ న్యాయంలో ‘రాజ్య వారసత్వం’గా వ్యవహరించే సమస్య. పాత రాజ్యపు బాధ్యతలేవీ లేకుండానే కొత్త రాజ్యం తన జీవితాన్ని ఆరంభిస్తుందని చెప్పేది ‘ఖాళీ పలక’ సూత్రం. యుగోస్లావియా విచ్ఛిత్తిలో ఈ సూత్రం ఎంతవరకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సూత్రం – దాని పరిధి:

ఒప్పందాల వారసత్వంపై 1978లో కుదిరిన వియన్నా ఒడంబడిక, 16వ అధికరణంలో ఖాళీ పలకను వలసపాలన నుండి విముక్తమైన రాజ్యాలకు ఇచ్చింది. తమ ప్రమేయం లేకుండా పాలకదేశం చేసిన సంతకానికి ఆ ప్రజలు బద్ధులు కానక్కరలేదన్నది దీని వెనుక ఉన్న తర్కం. సమాఖ్య నుండి విడిపోయిన రాజ్యాల విషయంలో 34వ అధికరణం ఇందుకు భిన్నంగా, ఒప్పందాలు కొనసాగుతాయని చెప్పింది. సమాఖ్యలోని రిపబ్లిక్కులు అధికారంలో భాగస్వాములు కనుక వాటిని వలసలతో పోల్చడం కుదరదు. యుగోస్లావియా ఈ ఒడంబడికను 1980లోనే ధ్రువీకరించింది. కాని అది అమలులోకి వచ్చింది 1996లో. అప్పటికే ఆ దేశం లేదు.

ఒప్పందాలు:

సెర్బియా, మాంటెనెగ్రోలు 1992 ఏప్రిల్ 27న తామే పాత యుగోస్లావియాకు కొనసాగింపు అని ప్రకటించుకున్నాయి. ఈ వాదం నెగ్గితే ఐక్యరాజ్యసమితి సభ్యత్వం వాటికే దక్కుతుంది. మిగిలినవి విడిపోయిన భాగాలు మాత్రమే అవుతాయి. పాత రాజ్యం పూర్తిగా అంతరించిందని బాదింటేర్ కమిషన్ అదే ఏడాది జూలైలో తేల్చింది. సభ్యత్వం దానంతటదే కొనసాగదని భద్రతామండలి సెప్టెంబరులో పేర్కొన్నది. ఎనిమిదేళ్ల తర్వాత, 2000 నవంబరు 1న, ఆ రాజ్యం కొత్త సభ్యదేశంగానే సమితిలో చేరింది.

ఈ చర్చ ఎంత ప్రాణప్రదమైనదో బోస్నియా వ్యాజ్యంలో తెలుస్తుంది. జాతినిర్మూలన నిషేధ ఒడంబడిక ఆధారంగా బోస్నియా 1993లో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. తాను ఆ ఒడంబడికకు వారసురాలినని 1992 డిసెంబరులో తెలియజేస్తూ, తన స్వాతంత్ర్య కాలం నుండే అది వర్తిస్తుందని పేర్కొన్నది. ఖాళీ పలక సూత్రాన్ని యథాతథంగా అన్వయిస్తే, యుద్ధం ముమ్మరంగా సాగిన ఆ నడుమ నెలల్లో ఆ ప్రజలకు ఒడంబడిక రక్షణ లేనట్లే. న్యాయస్థానం 1996లో తన అధికారపరిధిని అంగీకరించింది కాని, వారసత్వం దానంతటదే సంక్రమిస్తుందా అన్న ప్రశ్నను తేల్చలేదు. మానవీయ ఒడంబడికలు ప్రజలను అంటిపెట్టుకునే ఉంటాయని న్యాయమూర్తి వీరమంత్రి తన ప్రత్యేక అభిప్రాయంలో వాదించారు.

అప్పులు:

అప్పుల విషయంలో 1983 నాటి మరో వియన్నా ఒడంబడిక, రాజ్యం అంతరిస్తే అప్పు న్యాయమైన నిష్పత్తిలో వారసులకు చేరాలన్నది. అది నేటికీ అమలులోకి రాలేదు. అయినా ఆచరణ ఆ దారిలోనే నడిచింది. ఏ రిపబ్లిక్కులోని సంస్థ ఏ అప్పును వాడుకున్నదో తెలిస్తే అది ఆ రిపబ్లిక్కుకే చెందింది. అలా విడదీయలేని సమాఖ్య అప్పుకు నిష్పత్తి కావలసివచ్చింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1992 డిసెంబరులో తన వద్దనున్న యుగోస్లావియా ఆస్తులను, అప్పులను ఇలా పంచింది: సెర్బియా–మాంటెనెగ్రోకు 36.52 శాతం, క్రొయేషియాకు 28.49, స్లొవేనియాకు 16.39, బోస్నియాకు 13.20, మాసిడోనియాకు 5.40.

అయితే ఋణదాతలందరూ దీనికి కట్టుబడలేదు. వాణిజ్య బ్యాంకులతో 1988లో కుదిరిన ఒప్పందం, సంతకం చేసిన ప్రతి సంస్థనూ మొత్తం అప్పుకు బాధ్యురాలిని చేసింది. ఆ ఉమ్మడి బాధ్యత నుండి బయటపడేందుకు స్లొవేనియా 1996లో 18 శాతం స్వీకరించింది. పంపకం వారసుల మధ్య కుదిరితే చాలదు, ఋణదాత కూడా ఒప్పుకోవాలి.

తేలని పద్దు మరొకటి మిగిలింది: పౌరులు బ్యాంకుల్లో దాచుకున్న విదేశీ ద్రవ్య పొదుపు. లుబ్లియాన్‌స్కా బ్యాంకా ప్రధాన కార్యాలయం స్లొవేనియాలో ఉండగా, ఖాతాదారులు సారయెవోలోనూ ఉన్నారు. ఈ పొదుపుకు సమాఖ్య ఇచ్చిన హామీలను చర్చలతో పరిష్కరించుకోవాలని 2001 నాటి వారసత్వ ఒప్పందం చెప్పింది, చర్చలు విఫలమయ్యాయి. సారయెవో శాఖ డిపాజిట్లకు స్లొవేనియా బాధ్యత వహించాలని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2014లో తీర్పునిచ్చింది. సొమ్ము స్తంభించిపోయి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది.

ముగింపు:

యుగోస్లావియా వారసులలో ఎవరికీ ఖాళీ పలక దక్కలేదు. ఒప్పందాలు చాలావరకు వారసుల ప్రకటనలతో కొనసాగాయి. అప్పులు నిష్పత్తితో, ఋణదాతల సమ్మతితో పంచబడ్డాయి. ఆ సూత్రం వలసలకు న్యాయం కావచ్చును. సమాఖ్య విడిపోయినప్పుడు దానిని అన్వయిస్తే, ఆ పలక మీద నుండి చెరిగిపోయేవి రాజ్యాల బాధ్యతలు మాత్రమే కావు, ఆ బాధ్యతలను నమ్ముకున్న ప్రజల హక్కులు కూడా.