మోకాళ్లకు తగిన ఎత్తులో కమోడ్

కమోడ్ మీద నుంచి లేచేటప్పుడు మా అమ్మ పక్కనున్న కుళాయిని పట్టుకుంటోందని, అది వదులయ్యేదాకా మాకు తెలియలేదు. కూర్చునేటప్పుడు కూడా చివరి రెండు మూడు అంగుళాలు దబ్బున కూలబడుతోంది. సీటు ఆమెకు పల్లమైందనడానికి ఈ రెండూ గుర్తులే. సీటు ఎంత కిందికుంటే మోకాలు అంత ఎక్కువ మడవాలి. అంత మడిచిన కాలితో ఒంటి బరువు పైకెత్తాలంటే తొడ ముందు కండరం గట్టిగా లాగుతుంది, మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. అరిగిన కీలు ఆ ఒత్తిడికి ఓర్చుకోలేదు.

ఎత్తు పెంచితే చాలనుకుని 4 అంగుళాల రైజర్ తెచ్చాం. అది మా తొందరపాటు. అమ్మ పొట్టి మనిషి. కూర్చుంటే మడమలు నేలకానలేదు. సీటు అంచు తొడల కింద ఒత్తి కాళ్లు తిమ్మిరెక్కాయి. లేవాలంటే ముందుకు జారి దిగాల్సి వచ్చింది. తడి నేల మీద అది ఎంత ప్రమాదమో!

అప్పుడు టేపు తీశాం. చెప్పుల్లేకుండా కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిస్తే 15.5 అంగుళాలు వచ్చింది. సీటుతో కలిపి కమోడ్ ఎత్తూ అంతే. గట్టి కుర్చీ మీద దుప్పట్లు మడిచి ఒక్కొక్కటే వేస్తూ లేవమన్నాం. సుమారు 17.5 దగ్గర, మడమలు నేల మీదే ఉండగా, పెద్దగా ఊతం లేకుండా లేచింది. అంటే ఆమెకు కావలసింది 2 అంగుళాల రైజరే.

రైజర్ ఊరికే పెట్టేది కాకుండా, కమోడ్ అంచుకు మరలతో బిగించేదై ఉండాలి. లేకపోతే పక్కకు ఒరిగినప్పుడు జారిపోతుంది. మన కమోడ్ గుండ్రమా, కోలగా ఉందా చూసుకుని, ఎంత బరువు మోస్తుందో చదివి కొనాలి. మనం నీళ్లతో కడుక్కుంటాం కాబట్టి ముందో వెనకో చెయ్యి పట్టే ఖాళీ ఉన్నదే తీసుకోవాలి. టవల్ కడ్డీ మనిషి బరువు ఆపలేదు. గోడలోకి బిగించిన పట్టుకడ్డీ వేరే పెట్టించాం.

కమోడే మార్చాలనుకుంటే సీటుతో కలిపి 17 నుంచి 19 అంగుళాల ఎత్తున్నవి దొరుకుతాయి. కొనేముందు గోడ నుంచి నేలలోని పైపు రంధ్రం మధ్యకు దూరం కొలవాలి. అది కలవకపోతే కొత్త కమోడ్ కూర్చోదు, నేల తవ్వాల్సి వస్తుంది. గోడకు వేలాడే రకానికి మాత్రం ఎత్తు మన ఇష్టం, కాకపోతే ఫ్రేము బిగించేటప్పుడే చెప్పాలి. తమ్ముడి కొత్త ఇంట్లో అమ్మ కోసం, టైల్స్ మందం కూడా లెక్కవేసి, సీటు పైభాగం 17.5 అంగుళాలకు వచ్చేలా గోడ మీద గీత గీసి ప్లంబర్‌కు చూపించాం.