బేసిను చాటు బోల్టులు

వాష్ బేసిను కొనేటప్పుడు మనం దాని తెలుపు చూస్తాం, నునుపు చూస్తాం, బేరం ఆడుతాం. దాన్ని గోడకు పట్టి ఉంచే బోల్టుల సంగతి మాత్రం ఎవరూ అడగరు. బిగించిన తరువాత చూద్దామన్నా అవి కనపడవు. బ్రాకెట్ల పై బోల్టులు బేసిను వీపు చాటున దాగిపోతాయి. అందం కోసం చేసిన ఏర్పాటే అది. కాని కంటికి ఆననిది వదులైనా తెలియదు గనక, దాగకముందే దాని బలం తేల్చుకోవాలి.

నేను చాలాకాలం ఇళ్ళ పనులు చేయించిన ఓవర్సీరును. బేసిను ఊడిపడిన ఇళ్ళు కొన్ని చూశాను. పింగాణీ పగిలితే దాని అంచు కత్తిలా ఉంటుంది. పిల్లల పాదాల దగ్గర పడే వస్తువు అది. అంచేత ఈ నాలుగు మాటలు.

అసలు బోల్టు మీద ఎంత భారం పడుతుంది? మామూలు ఇళ్ళలో వాడే 55 సెంటీమీటర్ల పొడుగు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల బేసినే తీసుకోండి. బేసిను 12 కిలోలు, అందులో నిలిచిన నీళ్ళు 5 కిలోలు అనుకుందాం. ఈ 17 కిలోలూ గోడకు సుమారు 20 సెంటీమీటర్ల దూరాన వేలాడుతున్నట్టు లెక్క. బ్రాకెట్టు కింది అంచు గోడను తన్ని నిలుస్తుంది. పై బోల్టు వెనక్కి లాగి పట్టుకుంటుంది. ఆ రెంటికీ మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉంటే, ఒక్కొక్క పై బోల్టును గోడలోంచి లాగే బలం 11 కిలోలు. అంతే! ఇందుకు ఏ బోల్టయినా చాలు.

కాని మొహం కడుక్కునే మనిషి రెండు చేతులూ ముందు అంచున ఆనించి వంగుతాడు. అలా 30 కిలోలు మోపాడంటే, ఆ బరువు గోడకు 40 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. అప్పుడు ఒక్కొక్క పై బోల్టు మీద లాగుడు 50 కిలోలు దాటుతుంది. ఉత్త బేసినును ఏళ్ళ తరబడి మోసిన బోల్టు, ఎవరో ఒకరు ఆనుకున్న రోజున ఊడి రావడంలో వింత లేదు.

ఇటీవల కాకినాడలో మా చెల్లెలి ఇంట్లో బేసిను పెట్టించవలసి వచ్చింది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. మేస్త్రీ గోడ తట్టి చూసి, "గట్టి గోడేనండీ, బెజ్జం వేసేద్దాం" అన్నాడు. గట్టిగా మోగినది పైనున్న సిమెంటు పూత కావచ్చు. పూతకు బోల్టును మోసే శక్తి లేదు. ఇటుకల మధ్య సున్నపు దారికీ అంత నమ్మకం లేదు. బోల్టును పట్టవలసింది నిండు ఇటుక.

ఇటుక ఎక్కడుందో గోడే చెబుతుంది. బేసిను పై అంచు నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా లెక్క వేసి, నీళ్ళ గొట్టంతో మట్టం చూసి, బ్రాకెట్ల బెజ్జాలు గోడ మీద గుర్తు పెట్టాం. ప్రతి గుర్తు దగ్గరా ముందు సన్నటి 6 మిల్లీమీటర్ల పోటు వేసి, రాలే పొడి రంగు గమనించాం. ఎడమ పక్క రెండు సెంటీమీటర్ల దాకా బూడిద రంగు పొడి వచ్చింది. అది పూత. ఆ తరువాత చివరిదాకా ఎర్ర పొడే. ఇటుక దొరికింది. కుడి పక్క మాత్రం ఎరుపు రానేలేదు. పొడి మెత్తగా, తెల్లగా మారింది. పోటు జర్రున లోపలికి జారింది. సరిగ్గా రెండు ఇటుకల నిలువు సందు!

"దాంట్లో కాస్త సిమెంటు కూరి బిగించేస్తే సరిపోతుందండీ" అన్నాడు మేస్త్రీ. సన్నని బెజ్జంలో కూరిన సిమెంటు చుట్టూ ఉన్న పాత సున్నాన్ని పట్టుకోదు. లాగితే ముద్దగా బయటికి వస్తుంది. బేసినును నాలుగు సెంటీమీటర్లు ఎడమకు జరపమన్నాను.

"అప్పుడు అద్దం మధ్యకు రాదు కదా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"అద్దాన్ని జరపడానికి రెండు మేకులు చాలమ్మా. నీ కొడుకు దీన్ని పట్టుకుని ఊగకుండా ఉంటాడా?" అన్నాను. ఊగడని ఆవిడ అనలేకపోయింది. నీళ్ళు పోయే పైపు ఆ మాత్రం జరుగుడుకు సర్దుకుంది. కొత్త గుర్తుల దగ్గర నాలుగు చోట్లా ఎర్ర పొడే వచ్చింది.

జరపడానికి వీలులేని చోట ఇంకో దారి ఉంది. గోడలో చిన్న గూడు తొలిచి, తడిపి, తోక చీలిన బోల్టు పెట్టి, చిన్న కంకరతో 1:2:4 కాంక్రీటు నింపాలి. వారం రోజులు తడుపుతూ ఉండాలి. అప్పటిదాకా దాని మీద ఏ బరువూ పెట్టకూడదు.

మేము వాడినది దుకాణాల్లో రాక్ బోల్టు అని అడిగితే ఇచ్చే రకం. ఒక కొసన కర్రమర వంటి మర, రెండో కొసన నట్టు ఎక్కే మర, దానికి తగిన నైలాను గుత్తి. 10 మిల్లీమీటర్ల బోల్టుకు 14 మిల్లీమీటర్ల గుత్తి, అది ఏడున్నర సెంటీమీటర్ల పొడుగు. గుత్తి పూతలో ఆగిపోకూడదు. పూత దాటి నిండుగా ఇటుకలో దిగాలి. పూత రెండు సెంటీమీటర్లు, గుత్తి ఏడున్నర, అడుగున పొడి నిలిచేందుకు ఒకటి. వెరసి పదిన్నర సెంటీమీటర్ల లోతు బెజ్జం. బోల్టు 12 సెంటీమీటర్లది చాలు. అంతకన్న పొడుగుదైతే దాని ముక్కు బేసిను వీపుకు తగులుతుంది. డ్రిల్లు మిషనుకున్న సుత్తిపోటు ఆపి, ఉత్త తిప్పుడుతోనే బెజ్జం వేయించాను. సుత్తిపోటుతో మెత్తని ఇటుక చిట్లి, బెజ్జం వెడల్పవుతుంది. కర్ర గుత్తి వద్దన్నాను. అది తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుంటుంది.

నాలుగున్నర అంగుళాల అడ్డగోడకైతే ఇంత లోతు కుదరదు. దానికి బోల్టును అవతలి పక్కకు తీసి, వెడల్పాటి ఇనప బిళ్ళ వేసి బిగించడమే క్షేమం.

బ్రాకెట్లు బిగిశాయి. ఇక అసలు పరీక్ష. బేసిను ఎక్కించకముందే, రెండు బ్రాకెట్ల మీదా పలక వేసి, గోడకు 30 సెంటీమీటర్ల దూరాన 50 కిలోల సిమెంటు బస్తా పెట్టించాను. మనిషి ఆనుకున్నప్పుడు పడే లాగుడు ఇంచుమించు ఇంతే. బ్రాకెట్టు పై అంచు వెంట గోడ మీద పెన్సిలు గీత గీసి, రాత్రంతా ఉంచాం. కింద ఎవరూ నిలబడకుండా చూశాం. తెల్లవారి చూస్తే గీత, అంచు ఒకటిగానే ఉన్నాయి. గోడకూ బ్రాకెట్టుకూ మధ్య కాగితం కూడా దూరలేదు. గీత ఏమాత్రం కిందికి తప్పినా, పైన సందు విడినా, ఆ బోల్టు ఊడదీయవలసిందే.

ఆ తరువాతనే బేసిను ఎక్కించి, దాని అడుగు గుంటల్లో బ్రాకెట్టు కొమ్ములు కూర్చోబెట్టి, ఇనుమూ పింగాణీ నేరుగా రాసుకోకుండా రబ్బరు ముక్కలు వేశాం. వీపు వెంట గోడ సందు తెల్ల సిమెంటుతో మూశాం. అది నీళ్ళు లోపలికి దిగి బోల్టు తుప్పు పట్టకుండా కాపాడడానికే గాని, బేసినును మోయడానికి కాదు.

మీ ఇంట్లో బేసిను ఉంటే ఒకసారి దాని వీపు వెంట చూడండి. ఆ తెల్ల గీత పొడుగునా దారమంత సందు విడిందా? కింద గోడ మీద తుప్పు చార దిగిందా? ముందు అంచు మెల్లగా నొక్కితే సందు పెరుగుతోందా? అలాగైతే మళ్ళీ సిమెంటు పూసి ఊరుకోకండి. పూస్తే జాడ కప్పబడుతుంది, బోల్టు బిగియదు. బేసిను దింపించి, బోల్టులు ఎర్ర పొడిలో ఉన్నాయో తెల్ల పొడిలో ఉన్నాయో చూడండి. అంతవరకూ పిల్లలను ఆ దాపులకు రానివ్వకండి.