ఖాళీలు నేర్పే లెక్క

బోర్డు మీద చేసి చూపిన అకౌంట్స్ లెక్కనే ఖాళీలున్న అభ్యాస పత్రంగా మారిస్తే విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. అయితే ఖాళీ ఎక్కడ వదలాలన్నదే అసలు చిక్కు.

బీకాం మొదటి సంవత్సరం తరగతుల్లో ఏటా కనిపించే తంతు ఇది. యంత్రాల తరుగుదల మీద అధ్యాపకులు బోర్డు మీద ఒక లెక్క చేస్తారు. విద్యార్థులు దాన్ని నోట్సులోకి దించుకుంటారు. ఖాతా రెండు వైపులా మొత్తాలు సమానమయ్యేసరికి అందరికీ అర్థమైందనే అనిపిస్తుంది. అలాంటిదే మరో లెక్కను ఇంటి దగ్గర ముందు పెట్టుకుంటే మాత్రం మొదటి పద్దు దగ్గరే కలం ఆగిపోతుంది. ఇంటర్‌లో సీఈసీ చదివినవారు ఎలాగోలా గట్టెక్కుతారు. సైన్సు గ్రూపుల నుంచి వచ్చినవారు గైడులో ఉన్న లెక్కను అంకెలతో సహా బట్టీ పడతారు. పరీక్షలో తేదీ ఒకటి మారితే చాలు, ఆ బట్టీ కొరగాకుండా పోతుంది.

లోపం విద్యార్థుల శ్రద్ధలో లేదు, బోర్డు మీద మిగిలే దానిలో ఉంది. లెక్క చేస్తున్నప్పుడు అధ్యాపకులు కొన్ని నిర్ణయాలను నోటితో చెప్పి ముందుకు సాగిపోతారు. ‘అమ్మింది సెప్టెంబరులో కాబట్టి ఆరు నెలలే’ అన్న మాట వినపడుతుంది, కానీ నోట్సులోకి చేరదు. అక్కడ 8,100 అన్న అంకె ఒక్కటే ఉంటుంది. అది ఎలా వచ్చిందో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఖాళీల పత్రం. లెక్క మొత్తాన్ని విద్యార్థుల మీద పడేయకుండా, పూర్తిగా చేసి చేతిలో పెట్టకుండా, కొన్ని మెట్లు చూపించి కొన్నింటిని వాళ్లకు వదిలేయడం ఇందులోని కిటుకు. దీని వెనక పరిశోధన కూడా ఉంది. సాధించి చూపిన ఉదాహరణలను చదివినవారు, సొంతంగా లెక్కలతో కుస్తీ పట్టినవారికంటే త్వరగా నేర్చుకుంటారని ఆస్ట్రేలియాలోని న్యూసౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం లెక్కలతో చూపారు. ఉదాహరణను సగం చేసి, మిగతాది విద్యార్థులతో పూరింపజేసే పద్ధతిని నెదర్లాండ్స్‌కు చెందిన జెరోన్ వాన్ మెరియెన్‌బోర్ 1990లో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పాఠాల్లో పరీక్షించారు. అకౌంట్స్ కూడా మెట్టు మీద మెట్టుగా సాగే విద్యే కనుక ఈ పద్ధతి దీనికీ బాగా అతుకుతుంది.

ఒక లెక్క, ఆరు మెట్లు

తరగతి గదిలో మామూలుగా వినిపించే లెక్కనే తీసుకుందాం. ఒక సంస్థ 2021 ఏప్రిల్ 1న రూ. 1,80,000కు యంత్రం కొని, దాన్ని బిగించడానికి రూ. 20,000 ఖర్చు పెట్టింది. 2022 అక్టోబరు 1న రూ. 1,00,000తో రెండో యంత్రం కొంది. మొదటి యంత్రాన్ని 2023 సెప్టెంబరు 30న రూ. 1,40,000కు అమ్మేసింది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఏడాదికి 10 శాతం తరుగుదల. పుస్తకాలు ముగించేది మార్చి 31న.

దీన్ని పత్రంగా మార్చేముందు అధ్యాపకులు చేయాల్సిన మొదటి పని, నోటితో చెప్పేవాటిని కూడా వదలకుండా లెక్కను ఒక్కో వరుసగా కాగితం మీద పెట్టడం. మొదటి యంత్రం ఖరీదు బిగింపు ఖర్చుతో కలిపి 2,00,000. మొదటి ఏడాది తరుగుదల 20,000 పోతే 1,80,000. రెండో ఏడాది ఆ మిగిలినదాని మీద 18,000 పోతే 1,62,000. మూడో ఏడాది ఆరు నెలలకు 8,100 పోతే అమ్మిన రోజున పుస్తకపు విలువ 1,53,900. వచ్చింది 1,40,000 కాబట్టి నష్టం 13,900. రెండో యంత్రానికి మొదట ఆరు నెలలకు 5,000, మరుసటి ఏడాది 95,000 మీద 9,500 పోగా 2024 మార్చి 31న మిగిలేది 85,500.

ఇప్పుడు ఈ వరుసల్లో నిర్ణయమేదో, కూడికలూ తీసివేతలూ ఏవో వేరుచేయాలి. 1,80,000లోంచి 18,000 తీసేయడం క్యాలిక్యులేటర్ పని. బిగింపు ఖర్చును ఖరీదులో కలపాలా వద్దా, తరుగుదలను ఏ మొత్తం మీద కట్టాలి, ఎన్ని నెలలకు కట్టాలి, అమ్మకం ధరను దేనితో పోల్చాలి అన్నవి నిర్ణయాలు. ఖాళీలు వదలాల్సింది వీటి దగ్గరే. చాలా పత్రాలు విఫలమయ్యేదీ ఇక్కడే. ప్రతి వరుస చివర జవాబును చెరిపేసి గీత గీస్తే పత్రం చూడ్డానికి బాగుంటుంది. కానీ అందులో విద్యార్థి చేసేది హెచ్చవేత మాత్రమే.

సరిగ్గా కుదిరిన పత్రంలో మొదటి యంత్రం భాగం ఇలా ఉంటుంది:

1. ఖాతాకెక్కే ఖరీదు: 1,80,000 + ______ = ______ (కలపడానికి కారణం: ______)
2. 2021–22 తరుగుదల: ______ మీద 10 శాతం, ______ నెలలకు = ______
3. 2022–23 తరుగుదల: ______ మీద 10 శాతం, ______ నెలలకు = ______
సరిచూసుకోండి: 2023 మార్చి 31న మిగిలిన విలువ 1,62,000 రావాలి.
4. 2023–24 తరుగుదల: ______ మీద 10 శాతం, ______ నెలలకు = ______
5. అమ్మిన రోజున పుస్తకపు విలువ: ______
6. లాభమా, నష్టమా? ______ ఎంత? ______ ఖాతాలో ఏ వైపు? ______

మధ్యలో ఇచ్చిన 1,62,000 ఊరికే పెట్టింది కాదు. మొదటి మెట్టులో జరిగిన పొరపాటు చివరిదాకా పాకితే, నాలుగో మెట్టు తెలిసిన విద్యార్థికి కూడా జవాబు తప్పే వస్తుంది. తెలిసిందేదో తెలియనిదేదో తేలదు. ఈ సరిచూపు దగ్గర ఆగి వెనక్కి వెళ్లి దిద్దుకున్నవారు మిగతా మెట్లను కొత్తగా మొదలుపెట్టగలుగుతారు.

తప్పే చెప్పే నిజం

ఇలా విడగొట్టిన లెక్కలో తప్పు జవాబు కూడా ఉపయోగపడుతుంది. సరిచూపు అంకె లేని పత్రం ఇచ్చినప్పుడు నష్టం 22,000 అని రాసినవారు అమ్మిన ఏడాది తరుగుదలను మరిచిపోయారు. 5,800 అన్నవారు ఆరు నెలలకు బదులు పూర్తి ఏడాదికి కట్టారు. 10,000 అన్నవారు ప్రతిసారీ అసలు ఖరీదు మీదే కట్టారు, అంటే స్థిర వాయిదాల పద్ధతిలోకి జారిపోయారు. ఇక 1,490 లాభం అన్నవారు బిగింపు ఖర్చును ఖరీదులో కలపలేదు. రూ. 20,000 చేర్చకపోవడంతో నష్టం కాస్తా లాభంగా మారిపోయింది.

ఈ నాలుగు అంకెలనూ ముందే లెక్కగట్టి పెట్టుకుంటే అధ్యాపకులు అరవై పత్రాలనూ మొదటి నుంచి చివరిదాకా చదవనక్కర్లేదు. ఆరో మెట్టులోని అంకెను చూస్తే ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో తెలిసిపోతుంది. తరగతిలో సగంమంది 5,800 అని రాశారంటే మరుసటి రోజు పాఠం నెలల లెక్క మీదే ఉండాలి.

అకౌంట్స్‌కే ప్రత్యేకమైన ఉచ్చు మరొకటుంది. ఖాతాకు రెండు వైపులూ సమానం కావాలి కాబట్టి, అందులో ఒక్క ఖాళీయే వదిలితే దాన్ని పూరించడానికి అకౌంట్స్ తెలియనక్కర్లేదు, తీసివేత వస్తే చాలు. ఈ లెక్కలో 2023–24 యంత్రాల ఖాతానే చూడండి. డెబిట్ వైపు ప్రారంభ నిల్వ రెండు యంత్రాలకూ కలిపి 2,57,000. క్రెడిట్ వైపు తరుగుదల 8,100, 9,500, బ్యాంకు 1,40,000, ముగింపు నిల్వ 85,500 ఇచ్చేసి నష్టం ఒక్కటే ఖాళీగా వదిలితే 13,900 దానంతటదే తేలిపోతుంది. విద్యార్థికి పూర్తి మార్కులు పడతాయి కానీ, పుస్తకపు విలువ అంటే ఏమిటో తెలియకుండానే ఉండిపోతుంది. అందుకే ఒక ఖాతాలో కనీసం రెండు పద్దులు ఖాళీగా ఉండాలి. నష్టాన్ని ముందు వర్కింగ్ నోట్‌లో విడిగా తేల్చమనాలి. రెండు వైపులూ సమానమయ్యాయా అన్నది ఆ తర్వాత చూసుకునే పరీక్షగానే మిగలాలి.

చివరి నుంచి మొదటికి

ఒక్క పత్రంతో పని పూర్తికాదు. మొదటిది పూర్తిగా చేసి చూపినదై ఉండాలి. రెండోదానిలో చివరి రెండు మెట్లే ఖాళీ. మూడోదానిలో నాలుగో మెట్టు కూడా. అలా వెనక్కి జరుగుతూ పోతే ఆఖరి పత్రంలో మెట్ల పేర్లు తప్ప ఏమీ మిగలవు. ఖాళీలను మొదటి నుంచి కాక చివరి నుంచి పెంచుతూ రావడం మేలన్న సూచన అలెగ్జాండర్ రెంకెల్, రాబర్ట్ అట్కిన్సన్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో కనిపిస్తుంది. అలా చేస్తే విద్యార్థి కొత్త మెట్టు ఎక్కేముందు దాని కిందివన్నీ సరిగ్గా చేసినవే కళ్లముందు ఉంటాయి.

పత్రం మారినప్పుడల్లా అంకెలు మారిస్తే సరిపోదు, పరిస్థితి మారాలి. పై యంత్రాన్నే రూ. 1,60,000కు అమ్మితే 6,100 లాభం వస్తుంది, ఖాతాలో అది డెబిట్ వైపుకు మారుతుంది. డిసెంబరు 31న అమ్మితే ఆరు నెలలు తొమ్మిదవుతాయి. ఎప్పుడూ నష్టమే, ఎప్పుడూ ఆరు నెలలే వచ్చే పత్రాల్లో విద్యార్థులు పద్ధతిని నేర్చుకోరు, పత్రం పోలికను నేర్చుకుంటారు.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. పని బాగా వచ్చినవారికి ఈ ఊతమే అడ్డు తగులుతుందని స్లావా కల్యుగా, స్వెల్లర్ తదితరులు 2003లో వివరించారు. మూడో పత్రాన్ని తప్పులేకుండా చేసినవారిని నాలుగోదాని కోసం కూర్చోబెట్టకుండా నేరుగా తెల్లకాగితం మీదికి పంపాలి. పైగా ప్రశ్నను చదివి ఏ ఖాతాలు తెరవాలో, ఎన్ని మెట్లు పడతాయో తేల్చుకోవడాన్ని ఏ పత్రమూ నేర్పలేదు, ఎందుకంటే ఆ పని పత్రమే ముందుగా చేసేసి ఉంటుంది. పరీక్షలో మెట్ల పేర్లు రాసి ఇచ్చేవారెవరూ ఉండరు.

ఒక పత్రం ఒక పద్ధతికే చెల్లుతుంది కూడా. ఇదే యంత్రాన్ని ఆదాయపు పన్ను లెక్కలో చూపాలంటే నెలలు లెక్కపెట్టే పనే ఉండదు. కొన్న ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే సగం రేటు, లేకపోతే పూర్తి రేటు. యంత్రాలన్నీ ఒక సముదాయంగా కలిసిపోతాయి కాబట్టి మామూలుగా ఒక్కో యంత్రం మీద విడిగా లాభనష్టాలు తేల్చరు. అక్కడ పై ఆరు మెట్లలో సగం పనికిరావు. అందుకే పత్రం తలకట్టు మీద ఏ పద్ధతి, ఎవరి పుస్తకాలు, ఏ తేదీకి ముగింపు అన్న మూడు వరుసలు ఉండాలి. ఆ మూడింటినీ కూడా ఏదో ఒక పత్రంలో ఖాళీగా వదిలి విద్యార్థుల చేతే పూరింపజేస్తే, తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు వారు మొదట వెతికేది వాటినే.