పక్కన పెట్టిన చీర ఎవరిది?

ఇంటి ముందుగదిలో చీరలు, నైటీలు అమ్మే చిన్న వ్యాపారాల్లో గొడవ తరచుగా ఒకే చోట మొదలవుతుంది. స్టేటస్‌లో ఫొటో పెడతారు. అరగంటలో ముగ్గురు అడుగుతారు: ‘ఆ పచ్చది ఎంత?’ ఏ పచ్చది? అందులో పచ్చవి నాలుగున్నాయి. ధర చెప్పేలోపు ఇంకొకరు అదే చీర కావాలంటారు. ఉన్నది ఒక్కటే. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ అదే ఫొటో వెతికి పంపాలి.

వాట్సాప్ బిజినెస్ అనే ఉచిత యాప్‌లోని కేటలాగ్ ఈ తిప్పలు చాలావరకు తగ్గిస్తుంది. ఒకే నంబరు మీద మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ నడవవు. అందుకే వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుంటే మేలు. రెండు సిమ్‌ల ఫోనులో రెండు యాప్‌లూ పెట్టుకోవచ్చు. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా చేర్చవచ్చు. చిన్న కొట్టుకు అది ఎక్కువే.

అన్నిటికంటే ముందు ప్రతి వస్తువుకూ ఒక కోడ్ ఇవ్వాలి. చీరలకు SR, నైటీలకు NT చాలు. కోడ్ రాసిన చీటీని చీరకు పిన్ను పెట్టి, ఆ తర్వాతే ఫొటో తీయాలి. పొద్దున కిటికీ పక్కన వచ్చే వెలుగులో, ఫిల్టర్లు లేకుండా తీయాలి. ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు మారిపోయి, ‘ఫొటోలో ఇలా లేదే’ అంటూ చీర వెనక్కి వస్తుంది. చీరకు మూడు ఫొటోలు కావాలి: కొంగు పరిచినది, అంచు దగ్గరగా తీసినది, జాకెట్టు ముక్కది. వివరం ఇలా రాస్తే సరిపోతుంది: ‘SR14. మంగళగిరి కాటన్, పచ్చ ఒళ్లు, ఎర్ర అంచు, జాకెట్టు ముక్క ఉంది. సింగిల్ పీస్. రూ.1,450.’ నైటీకి L, XL అని మాత్రమే రాస్తే లాభం లేదు. కంపెనీని బట్టి కొలత మారుతుంది. టేపు పెట్టి ఛాతీ, పొడవు ఎన్ని అంగుళాలో రాయాలి. ధర దాచిపెట్టి ‘మెసేజ్ చేయండి’ అనడం చాలామందికి అలవాటు. దానివల్ల బేరాలు పెరుగుతాయి తప్ప అమ్మకాలు పెరగవు.

ఇక అసలు చిక్కు. కేటలాగ్ వస్తువును చూపిస్తుంది కానీ ఎన్ని మిగిలాయో లెక్కపెట్టదు. ఎవరైనా SR14ను కార్ట్‌లో వేసి పంపినంత మాత్రాన అది వాళ్ల పేరున ఆగదు. ఆ పని అమ్మే మనిషే చేయాలి.

మధ్యాహ్నం 2 గంటలకు ఒకామె SR14 కోసం కార్ట్ పంపిందనుకుందాం. ముందే రాసి పెట్టుకున్న జవాబు వెళ్లాలి: ‘SR14 మీకోసం పక్కన పెట్టానండీ. రాత్రి 8 లోపు డబ్బు వేస్తే మీదే.’ ఇలాంటి జవాబులను యాప్‌లోని Quick replies దగ్గర దాచుకుంటే, / గుర్తు కొట్టి ఎంచుకోవచ్చు. ఆ చాట్‌కు Pending payment అనే లేబుల్ తగిలించాలి. 2:20కి రెండో ఆమె అదే చీర అడిగితే, ‘ముందొకరు అడిగారండీ, 8 దాటాక చెబుతాను’ అనాలి. 8 గంటలకు డబ్బు రాకపోతే చీర రెండో ఆమెది. మొదటామె పక్కింటి వదినైనా సరే, గడువు గడువే. ఇక్కడ మొహమాటపడితే ఇద్దరూ దూరమవుతారు.

డబ్బు వచ్చిందని స్క్రీన్‌షాట్ చూసి నమ్మకూడదు. దాన్ని తయారు చేయడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. సొంత ఖాతాలో జమ అయిందో లేదో చూసుకున్నాకే Paid లేబుల్ పెట్టాలి. ఆ వెంటనే SR14ను కేటలాగ్‌లో Hide చేయాలి. ఈ చివరి పని రాత్రికి వాయిదా వేశారంటే, ఈలోగా మరో ఇద్దరు అదే చీర అడుగుతారు.

నైటీలకు నోట్‌బుక్ తప్పదు. NT05లో L నాలుగు, XL మూడు వచ్చాయనుకుంటే, అమ్మిన ప్రతిసారీ ఒక గీత కొట్టాలి. L అయిపోగానే వివరంలో ‘L లేదు’ అని మార్చాలి. తర్వాత ఇస్తానన్నవాళ్లకు ‘అప్పు’ అని కొత్త లేబుల్ పెట్టుకోవచ్చు. లేబుళ్లు కొనేవాళ్లకు కనబడవు.

కొత్త సరుకు సంగతి చెప్పడానికి గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు నయం. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ తెలిసిపోతాయి. అయితే మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. అందుకే సంచీలో వేసే చీటీ మీద ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని రాయడం మరచిపోవద్దు.

ఇదే ఖాతాను ఇంట్లో ఇంకొకరి ఫోనులోనో కంప్యూటర్‌లోనో కూడా తెరవవచ్చు. అలా ఇద్దరు చూసుకునే చోట, ‘పక్కన పెట్టాను’ అన్న జవాబు ఎవరు పంపాలో ముందే తేల్చుకోండి. ఆ మాట ఒకరే చెప్పాలి.