రాతిపొర ఎటు వాలింది? ఎంత వాలింది?

కడప జిల్లా పులివెందుల, తుమ్మలపల్లె ప్రాంతంలో వేంపల్లె డోలమైట్ పొరలు సుమారు 15 డిగ్రీల వాలుతో ఉత్తర ఈశాన్యంగా భూమిలోకి దిగిపోతాయి. తుమ్మలపల్లె యురేనియం ఖనిజం ఈ డోలమైట్‌లోనే ఉంది. పైకి కనిపించే కాస్త రాయిని బట్టి లోపల పొర ఎక్కడుందో చెప్పాలంటే ముందు ఆ వాలును కొలవాలి.

పెంకుటింటి కప్పు గుర్తుకు తెచ్చుకోండి. చూరు వెంట మట్టంగా సాగే గీత స్ట్రైక్. వాన నీళ్లు జారే దారి డిప్. ఈ రెండూ ఎప్పుడూ లంబంగానే ఉంటాయి.

కొలతకు కావలసింది క్లైనోమీటర్ ఉన్న కంపాస్. ముందు పొర పైభాగం బాగా బయటపడిన చోటు వెతకాలి. దొర్లివచ్చిన బండను కొలిస్తే ఆ శ్రమంతా వృథా. రాతి ముఖం గరుకుగా ఉంటే దానిమీద గట్టి అట్ట నోట్‌బుక్ పరిస్తే ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. కంపాస్ అంచును రాతికి ఆనించి, క్లైనోమీటర్ సున్నా చూపేదాకా మెల్లగా తిప్పాలి. ఆ అంచు వెంట సుద్దముక్కతో గీత గీస్తే అదే స్ట్రైక్. ఇప్పుడు కంపాస్‌ను మట్టంగా పట్టుకుని, అంచును గీతకు కలిపి దిక్కు చదవాలి. ఉదాహరణకు 110 డిగ్రీలు వచ్చిందనుకుందాం. అదే గీతను రెండో కొస నుంచి చదివితే 290 వస్తుంది, రెండూ ఒకటే. తర్వాత గీతకు లంబంగా అంచు ఆనించి వాలు కోణం చదవాలి: 15. పొర ఏ వైపు దిగుతోందో కూడా రాయకపోతే ఈ అంకెలు సగమే. ఇక్కడ 20 డిగ్రీల వైపు, అంటే ఉత్తర ఈశాన్యం. అనుమానముంటే నాలుగు చుక్కల నీళ్లు పోయండి, జారే వైపే డిప్.

బ్రంటన్ కంపాస్ డయల్‌పై తూర్పు పడమరలు తారుమారుగా ఉంటాయి. అచ్చుతప్పు అనుకోకండి. పెట్టెతోపాటు డయల్ తిరుగుతుంది, ముల్లు తిరగదు కనుక అలా ఉంటేనే దిక్కు నేరుగా చదవవచ్చు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది లంబం దగ్గరే. గీతకు 90 బదులు 45 డిగ్రీల్లో అంచు పెడితే 15 డిగ్రీల వాలు దాదాపు 11గా కనిపిస్తుంది. అసలు డిప్ కంటే ఎక్కువ వాలు ఏ దిశలోనూ రాదు. కాబట్టి అంచును అటూఇటూ జరిపి అన్నిటికంటే పెద్ద అంకెనే తీసుకోవాలి. సుత్తి, సెల్‌ఫోన్ దగ్గరుంటే ముల్లు పక్కకు లాగుతుంది. వాటిని దూరంగా పెట్టి మళ్లీ చదివితే తేడా తెలిసిపోతుంది.

చదునైన నేలమీద, పొర బయటపడిన చోటు నుంచి అది దిగే దిశలో 100 మీటర్లు నడిచి బోరు వేస్తే, 15 డిగ్రీల వాలున్న పొర దాదాపు 27 మీటర్ల లోతులో తగులుతుంది. వాలును 12 అని రాసుకున్నవాడు 21 మీటర్లకే దానికోసం చూస్తాడు.